నాలుగు ఫోన్ల వీడియోలను శబ్ద శిఖరాలతో ఒకే కాలరేఖ మీదకు తేవడం ఎలా?

ఊరి అమ్మవారి పండగలో తప్పెటగుళ్ళ బృందం ఆడుతుండగా నలుగురు నాలుగు చోట్ల నిలబడి ఫోన్లతో తీసిన వీడియోలు మీ చేతికి వచ్చాయనుకోండి. ఒక్కొక్కటి ఒక్కో క్షణంలో మొదలై ఒక్కో క్షణంలో ఆగిపోతుంది. వాటన్నిటినీ ఒకే గడియారం కిందికి తెచ్చి, గుడి ముందరి ఫోన్‌లో ఆటగాడి కాలు నేలను తాకిన క్షణం డాబా మీది ఫోన్‌లో ఎక్కడుందో ఫ్రేముతో సహా చూపగలగడమే ఇక్కడ మనం చేయబోయే పని. నాలుగు ఫోన్లూ విన్నది ఒకే శబ్దం కాబట్టి ఆ శబ్దమే మనకు ఆధారం. శబ్దపు గీతలో నిటారుగా లేచే ఒక శిఖరాన్ని నాలుగింటిలోనూ గుర్తించి, ఆ నాలుగు గుర్తులను ఒకే చోటికి జరపాలి.

పద్ధతి ఇంతే అయినా, ఒకే ఒక్క శిఖరాన్ని నమ్ముకుంటే తప్పు జరిగినా తెలిసే దారి ఉండదు. అందువల్ల కనీసం మూడు శిఖరాలను పట్టి, ఒక్కొక్కటి ఇచ్చే లెక్కకూ మరొకటి ఇచ్చే లెక్కకూ మధ్య ఎంత తేడా ఉందో చూడాలి. ఫోన్ గడియారం నెమ్మదిగా నడిచిందా, తీసేవారు మధ్యలో ఆపి మళ్ళీ మొదలుపెట్టారా, మీరే పొరపాటున వేరే దెబ్బను పట్టుకున్నారా అన్నది ఆ తేడా చెబుతుంది.

వివరణ కోసం విజయనగరం జిల్లాలోని ఒక ఊరి పండగను ఉదాహరణగా తీసుకుందాం. పొద్దు గూకే వేళ గుడి ముందు తప్పెటగుళ్ళు ఆడుతున్నాయి. చెరువు గట్టు మీద ఒకే చోట ఉండుండి బాంబులు పేలుస్తున్నారు. మైకు సెట్టు హారన్లు కొన్ని స్తంభాలకు, ఒకటి వేపచెట్టుకు కట్టి ఉన్నాయి. గుడి ముందు స్టాండుకు బిగించిన ఫోన్ 22 నిమిషాల పాటు ఆగకుండా తీసింది. దూరంగా ఒక ఇంటి డాబా మీద నుంచి మరొకరు 26 నిమిషాలు తీశారు. మూడో ఫోన్ ఒక కుర్రవాడి చేతిలో స్టాండు చుట్టుపక్కలే తిరిగింది. నాలుగోది ఊరేగింపు మొదలయ్యే దారిలో, ఆట ముగిశాక మొదలైంది. వీటిని స్టాండు ఫోన్, డాబా ఫోన్, తిరుగుడు ఫోన్, దారి ఫోన్ అని పిలుద్దాం.

అసలు ఫైళ్ళను సేకరించడం

వాట్సాప్‌లో మామూలు వీడియోగా పంపితే అది బొమ్మను కుదించి, తీసిన సమయం వంటి వివరాలను తొలగిస్తుంది. అదే వాట్సాప్‌లో డాక్యుమెంటుగా పంపమని అడిగితే ఫైలు ఉన్నది ఉన్నట్టు వస్తుంది. వీలైతే కేబులుతో నేరుగా కంప్యూటరులోకి తీసుకోవడం ఇంకా మంచిది. స్టేటస్ పెట్టుకోవడానికి కత్తిరించిన ముక్కలు కాకుండా మొదటి ఫైలే కావాలని స్పష్టంగా చెప్పండి, ఎందుకంటే చాలామంది ముందుగా పంపేది ఆ ముక్కనే. అసలు ఫైలు దొరకకపోయినా నిరాశ అక్కర్లేదు. కుదించిన వీడియోలో కూడా శబ్దం శిఖరాలను గుర్తుపట్టగలిగేంత బాగానే ఉంటుంది. మన ఉదాహరణలో దారి ఫోన్ వీడియో అలా వాట్సాప్ ద్వారా వచ్చినదే.

ఫైలు పేరులో ఉన్న సమయాన్ని రాసి పెట్టుకోండి. `VID_20250311_180520.mp4` అన్న పేరు ఉంటే సాధారణంగా సాయంత్రం 6 గంటల 5 నిమిషాల 20 సెకన్లకు మొదలైందని అర్థం. ఫైలు లోపల ఉండే `creation_time` మాత్రం ప్రపంచ ప్రామాణిక సమయంలో ఉంటుంది కాబట్టి దానికి ఐదున్నర గంటలు కలుపుకోవాలి. పైగా కొన్ని ఫోన్లు అక్కడ వీడియో మొదలైన సమయాన్ని రాస్తే, కొన్ని ఆపిన సమయాన్ని రాస్తాయి. రెండు ఫోన్ల గడియారాల మధ్య కొన్ని సెకన్ల తేడా ఉండటం మామూలే. కాబట్టి ఏ బాంబును ఎక్కడ వెతకాలో సుమారుగా తెలుసుకోవడానికి మాత్రమే ఈ సమయాలను వాడుకోండి.

ఫ్రేములను స్థిరపరచడం, శబ్దాన్ని వేరు చేయడం

ఫోన్ కెమెరా సెకనుకు సరిగ్గా 30 ఫ్రేములు తీస్తుందని అనుకోవద్దు. వెలుతురు తగ్గేకొద్దీ అది ఫ్రేముల సంఖ్యను తనంతట తాను తగ్గించుకుంటుంది. సాయంత్రం మొదలై చీకటి పడ్డాక ముగిసిన వీడియోలో మొదట్లో 30 ఉన్నవి చివరికి 24కో అంతకన్నా తక్కువకో దిగవచ్చు. ఇలాంటి ఫైలును ఎడిటింగు సాఫ్ట్‌వేరులో నేరుగా పెడితే, మొదట్లో సరిపోయిన బొమ్మ పోనుపోను శబ్దానికి దూరమవుతుంది. మీరు శిఖరాలను ఎంత జాగ్రత్తగా పట్టినా ఆ దోషం పోదు. అందుకే ముందుగా ప్రతి వీడియోనూ స్థిరమైన 30 ఫ్రేములకు మార్చి, ఆ మార్చిన దాని నుంచే శబ్దాన్ని వేరు చేయాలి. ఉచితంగా దొరికే ఎఫ్ఎఫ్ఎంపెగ్ అన్న సాఫ్ట్‌వేరులో అందుకు రెండు ఆదేశాలు చాలు:

```
ffmpeg -i daba.mp4 -vf fps=30 -c:v libx264 -crf 18 -af aresample=async=1:first_pts=0 -ar 48000 -c:a aac -b:a 192k daba30.mp4
ffmpeg -i daba30.mp4 -ac 1 -c:a pcm_s16le daba.wav
```

మొదటి ఆదేశంలోని `first_pts=0` అన్న మాటకు ఇక్కడ పెద్ద పని ఉంది. కొన్ని ఫైళ్ళలో బొమ్మ మొదలైన కొద్ది మిల్లీసెకన్ల తర్వాత శబ్దం మొదలవుతుంది. శబ్దాన్ని ఊరికే విడదీస్తే ఆ ఖాళీ పోయి, శబ్దపు సున్నా బొమ్మ సున్నాకన్నా ముందుకు వస్తుంది. ఈ మాట చేర్చితే ఆ ఖాళీని నిశ్శబ్దంతో నింపి రెండు సున్నాలనూ ఒకటి చేస్తుంది. అసలు ఫైళ్ళను వేరే ఫోల్డరులో ఉంచి, వాటిని ఇక ముట్టుకోకండి.

ఏ శబ్దాన్ని పట్టుకోవాలి?

ఈ పనిలో ఎక్కువ ఆలోచన పెట్టవలసిన చోటు ఇదే. శబ్దాన్ని గీతగా చూపే ఆడాసిటీ సాఫ్ట్‌వేరు తెరిచి నాలుగు `.wav` ఫైళ్ళనూ `File > Import > Audio` ద్వారా ఒకదాని కింద ఒకటిగా తెచ్చుకోండి. గుడి ముందరి ట్రాకులో మీకు మొదట కనిపించేది తప్పెట దెబ్బల దట్టమైన వరుస. ఆటగాళ్ళు ఛాతీకి కట్టుకున్న రేకు తప్పెటలను చేతులతో వాయిస్తారు కాబట్టి ఒక్కో దెబ్బ చాలా పదునుగా, గీతలో మేకు దిగగొట్టినట్టు కనిపిస్తుంది. ఇంతకన్నా మంచి శిఖరం ఏముంటుందని అనిపిస్తుంది. అయినా దాన్ని పట్టుకోకూడదు.

కారణం ఏమిటంటే, ఆ దెబ్బలు సమాన వ్యవధిలో పడతాయి. ఆట ఊపందుకున్నాక సెకనుకు మూడు దెబ్బలు పడుతున్నాయనుకుంటే, ఒక దెబ్బకూ మరో దెబ్బకూ మధ్య 0.333 సెకను ఉంటుంది. మీరు డాబా ఫోన్‌లోని యాభయ్యో దెబ్బను స్టాండు ఫోన్‌లోని యాభై ఒకటో దెబ్బకు జతచేసినా రెండు వరుసలూ చక్కగా కలిసిపోయి కనిపిస్తాయి. ఇలాంటి దెబ్బలనే మూడు చోట్ల పట్టి సరిచూసినా మూడూ ఒకే లెక్క ఇస్తాయి, కానీ మూడూ ఒక్క దెబ్బ మేర తప్పుగానే ఉంటాయి. సాఫ్ట్‌వేరు తనంతట తాను శబ్దాలను కలిపినప్పుడు కూడా తరచు బోల్తా పడేది ఇటువంటి చోటే.

డాబా ఫోన్ విషయంలో కన్ను కూడా మోసపోతుంది. అది ఆటగాళ్ళకు సుమారు 110 మీటర్ల దూరంలో ఉంది. 30 డిగ్రీల వేడిలో శబ్దం సెకనుకు దాదాపు 350 మీటర్లు ప్రయాణిస్తుంది కాబట్టి తప్పెట దెబ్బ ఆ ఫోన్‌కు చేరడానికి 0.314 సెకను పడుతుంది. అంటే ఒక దెబ్బ శబ్దం డాబాకు చేరే వేళకు ఇక్కడ తర్వాతి దెబ్బ కోసం చేయి మళ్ళీ తప్పెట మీదికి వచ్చేసింది. ఆ వీడియోను విడిగా చూస్తే చేతి దెబ్బా శబ్దమూ ఒక్కసారే పడుతున్నట్టు ముచ్చటగా ఉంటుంది. నిజానికి మీరు వింటున్నది అంతకు ముందరి దెబ్బను.

కనుక సమాన వ్యవధి లేని శబ్దాలనే ఎంచుకోవాలి. చెరువు గట్టు బాంబులు అందుకు బాగా పనికివస్తాయి. అవి ఎప్పుడు పేలుతాయో కాల్చేవాడికే సరిగా తెలియదు. రెండు పేలుళ్ళ మధ్య ఖాళీ ఒకసారి 228 సెకన్లు, ఇంకోసారి 358 సెకన్లు ఉంటే, ఆ అసమాన ఖాళీలే వాటి గుర్తింపు. సీమటపాకాయల సరం మాత్రం తప్పెట దెబ్బలకన్నా చిక్కు పెడుతుంది. దాని మొదటి పేలుడు స్పష్టంగా దొరికితే తప్ప దాని జోలికి వెళ్ళవద్దు.

మైకు సెట్టు గురించి కూడా ఒక మాట చెప్పాలి. మైకులో ఎవరైనా ప్రకటన చేస్తే ఆ మాట తీగ ద్వారా అన్ని హారన్లకూ ఒకేసారి చేరుతుంది. అక్కడి నుంచి ఒక్కో ఫోన్ తన పక్కనున్న హారన్‌ను వింటుంది. అందువల్ల బాంబు విషయంలో ఫోన్‌కూ చెరువు గట్టుకూ మధ్య దూరం లెక్కలోకి వస్తే, మైకు మాట విషయంలో ఫోన్‌కూ దగ్గరి హారన్‌కూ మధ్య దూరమే లెక్కలోకి వస్తుంది. ఈ రెండింటినీ కలిపి ఒకే లెక్కలో వాడితే సెకనులో మూడో వంతో నాలుగో వంతో ఉండే తేడా ఎక్కడి నుంచి వచ్చిందో తెలియక తల పట్టుకోవలసి వస్తుంది.

శిఖరం కొనను కాదు, మొదలును గుర్తించాలి

బాంబు ఉన్న చోటికి వెళ్ళి, గీతలో ఒక్కో మిల్లీసెకను కనిపించేంత వరకు పెద్దది చేయండి. బాంబు పేలగానే దగ్గరి ఫోన్‌లో గీత పైఅంచును తాకి చదునుగా తెగిపోతుంది. ఫోన్ వెంటనే మైకు తీవ్రతను తగ్గించుకుంటుంది. దూరపు ఫోన్‌లో మొదటి లేపు చిన్నదిగా ఉండి, ఎదుటి గోడకు తగిలి తిరిగి వచ్చిన ప్రతిధ్వని దానికన్నా పెద్దదిగా ఉండవచ్చు. ఈ కారణాల వల్ల అన్నిటికన్నా ఎత్తయిన బిందువు ఒక్కో ఫోన్‌లో ఒక్కో క్షణంలో పడుతుంది. ఎక్కడైనా ఒకేలా దొరికేది శబ్దం మొదలైన అంచు మాత్రమే. గోలగా సాగుతున్న సన్నని గీత ఒక్కసారిగా పైకో కిందికో విరిగిన చోట కర్సరు పెట్టి, `Ctrl+B` నొక్కి లేబులు వేయండి. కింద ఉండే సమయపు పెట్టెను `hh:mm:ss + milliseconds` రూపంలోకి మార్చుకుంటే మిల్లీసెకన్లు కనిపిస్తాయి.

జనం కేకల మధ్య అంచు స్పష్టంగా లేకపోతే, ట్రాకు పేరు మీద నొక్కి వచ్చే పట్టికలో `Spectrogram` ఎంచుకోండి. బాంబు మొదలు అక్కడ కింది నుంచి పైదాకా నిలువు గీతగా కనిపిస్తుంది. కేకలు అడ్డంగా సాగే చారలుగా ఉంటాయి కాబట్టి రెండింటినీ వేరు చేయడం తేలికవుతుంది.

మూడు బాంబుల లెక్క

స్టాండు ఫోన్‌ను ప్రమాణంగా తీసుకుందాం. అది కదలలేదు, ఆగలేదు, అన్నిటికన్నా దగ్గరగా ఉంది. మూడు బాంబులూ అందులోనూ డాబా ఫోన్‌లోనూ పడిన సమయాలను సెకన్లలోకి మార్చి తీసివేస్తే ఇలా వస్తుంది:

```
312.480 - 96.155  = 216.325
540.660 - 324.322 = 216.338
898.730 - 682.371 = 216.359
```

డాబా ఫోన్ వీడియో స్టాండు ఫోన్ కాలరేఖ మీద సుమారు 216.3 సెకన్ల దగ్గర మొదలైందని తెలిసింది. మూడు జవాబులూ దగ్గరగానే ఉన్నా ఒకటి కావు. తేడా క్రమంగా పెరుగుతోంది. స్టాండు ఫోన్ లెక్కలో మొదటి బాంబు నుంచి మూడోదాకా 586.250 సెకన్లు కాగా, డాబా ఫోన్ లెక్కలో 586.216 సెకన్లే. ఈ 34 మిల్లీసెకన్ల తేడా రెండు ఫోన్లలో గడియారాన్ని నడిపే స్ఫటికాలు ఒకే వేగంతో కంపించకపోవడం వల్ల వచ్చింది. పది నిమిషాలకు ఒక ఫ్రేము తేడా ఏ ఫోన్ల జంటలోనైనా ఊహించదగినదే. కాకపోతే ఈ మాట అనే ముందు మూడు బాంబులూ ఒకే చోట పేలాయని ఖాయం చేసుకోవాలి. మూడోది గట్టుకు అవతలి వైపున, డాబాకు పన్నెండు మీటర్లు ఎక్కువ దూరంలో పేలి ఉంటే అది ఒక్కటే ఒక ఫ్రేము మేర లెక్కను మారుస్తుంది. మన లెక్కలో రెండో బాంబు కూడా అదే నిష్పత్తిలో మధ్యలో నిలిచింది కాబట్టి గడియారం తేడానే అని నమ్మవచ్చు.

ఇరవై నిమిషాల వీడియోలో ఈ తేడా రెండు ఫ్రేములకు కొంచెం పైన ఉంటుంది. డాబా వీడియోను పది నిమిషాలకొక చోట కోసి, ప్రతి ముక్కనూ దాని దగ్గరి బాంబుతో సరిపెడితే చాలు. శబ్దాన్ని సాగదీసే సాఫ్ట్‌వేరు ఉపాయాలు ఇంత చిన్న తేడాకు అనవసరం.

ఇప్పుడు తిరుగుడు ఫోన్:

```
312.480 - 41.900  = 270.580
540.660 - 228.860 = 311.800
898.730 - 586.924 = 311.806
```

ఇక్కడ మొదటి బాంబుకూ రెండో బాంబుకూ మధ్య లెక్క ఒక్కసారిగా 41 సెకన్లు ఎగిరింది. ఏ గడియారమూ నాలుగు నిమిషాల్లో అంత తప్పదు. తీస్తున్న కుర్రవాడు పాజ్ నొక్కి, 41 సెకన్ల తర్వాత మళ్ళీ కొనసాగించాడన్న మాట. చాలా ఫోన్లలో ఈ సదుపాయం ఉంది. ఆపి కొనసాగించినా ఫైలు ఒకటిగానే వస్తుంది కాబట్టి పేరు చూసినా నిడివి చూసినా ఏమీ తెలియదు. ఆ చోటును వెతకాలంటే 42వ సెకనుకూ 228వ సెకనుకూ మధ్య బొమ్మను చూడండి. ఒక ఫ్రేములో ఉన్న మనుషులు తర్వాతి ఫ్రేములో మాయమై వేరేవారు ప్రత్యక్షమైన చోట, శబ్దంలోనూ జనం గోల మట్టం ఒక్కసారిగా మారుతుంది. మన ఉదాహరణలో అది 2 నిమిషాల 13వ సెకను దగ్గర దొరికింది. అక్కడ ఫైలును రెండు ముక్కలు చేసి, మొదటిదాన్ని 270.580 లెక్కతోనూ రెండోదాన్ని 311.800 లెక్కతోనూ పెట్టాలి. మొదటి ముక్కకు ఒకే బాంబు దొరికింది కాబట్టి, అందులో మరో అసమాన శబ్దం, అంటే ఒక ఈలో మైకులో పడిన ఒక ఠప్పుమన్న చప్పుడో వెతికి సరిచూడటం మంచిది.

తేడా ఏ రకంగా ఉంటే ఏది కారణమో ఇప్పుడు మీకే తెలుస్తుంది. వెయ్యో వంతుల్లో నెమ్మదిగా పెరిగితే గడియారం, సెకన్లలో ఒక్కసారిగా ఎగిరితే పాజ్, సరిగ్గా తప్పెట దెబ్బల వ్యవధి అంత ఉంటే మీరు పట్టిన శిఖరమే తప్పు.

శబ్దం ఆలస్యాన్ని సవరించడం

ఇంతవరకు మనం కలిపింది శబ్దాలను మాత్రమే. దూరపు ఫోన్ శబ్దాన్ని ఆలస్యంగా వింటుంది, కానీ వెలుగును ఆలస్యం లేకుండా చూస్తుంది. శబ్దాలను కలపడానికి దాని వీడియోను వెనక్కి లాగినప్పుడు బొమ్మ కూడా వెనక్కి వెళ్ళి, జరగవలసిన దానికన్నా ముందే జరిగినట్టు కనిపిస్తుంది. సెకనుకు 30 ఫ్రేముల వీడియోలో సుమారు 12 మీటర్ల దూరానికి ఒక ఫ్రేము తేడా వస్తుందని గుర్తుంచుకుంటే చాలు.

దూరాన్ని కొలవడానికి టేపు పట్టుకుని వెళ్ళనక్కర్లేదు. చీకటిలో పేలిన బాంబు మెరుపు వీడియోలో కనిపిస్తుంది కాబట్టి ఆ వీడియోనే కొలబద్దగా వాడుకోవచ్చు. మెరుపు కనిపించిన ఫ్రేము నుంచి శబ్దం మొదలైన ఫ్రేము దాకా లెక్కపెట్టండి. డాబా వీడియోలో అది 12 ఫ్రేములు, అంటే 0.400 సెకను, దూరం 140 మీటర్లు. స్టాండు వీడియోలో 3 ఫ్రేములు, అంటే 0.100 సెకను, దూరం 35 మీటర్లు. కొన్ని ఫోన్లలో బొమ్మకూ శబ్దానికీ మధ్య పుట్టుకతోనే ఒకటి రెండు ఫ్రేముల తేడా ఉంటుంది. దాన్ని తెలుసుకోవడానికి ఆ ఫోన్‌తోనే ఒక మీటరు దూరంలో చప్పట్లు కొట్టి తీయమని అడగండి. చేతులు కలిసిన ఫ్రేముకూ చప్పుడుకూ మధ్య ఏమైనా తేడా కనిపిస్తే, దాన్ని మెరుపు లెక్కలో సర్దుకోవాలి.

రెండు ఆలస్యాల మధ్య తేడా 0.300 సెకను. దూరపు ఫోన్‌కు దాన్ని కలపాలి:

```
216.325 + (0.400 - 0.100) = 216.625
```

తొమ్మిది ఫ్రేములు. ఆటగాడు గాలిలోకి లేచి నేల మీద దిగడానికి పట్టేంత సమయం ఇది. తిరుగుడు ఫోన్ స్టాండు పక్కనే మసిలింది కాబట్టి దానికి సవరణ అవసరం లేదు. అది అటూ ఇటూ పది మీటర్లు కదిలినా ఒక ఫ్రేము లోపే ఉంటుంది.

ఈ సవరణ చేయాలా వద్దా అన్నది మీరు ఏం తయారు చేస్తున్నారన్న దాని మీద ఆధారపడుతుంది. నాలుగు ఫోన్ల శబ్దాలనూ కలిపి వినిపించాలనుకుంటే సవరణ లేని 216.325 లెక్కే మేలు, లేకపోతే ప్రతి బాంబూ రెండుసార్లు వినిపిస్తుంది. స్టాండు ఫోన్ శబ్దాన్ని ఒక్కదాన్నే మొదటి నుంచి చివరి దాకా ఉంచి, బొమ్మలను మాత్రమే మార్చుతూ పోవాలన్నా, ఏది ముందు జరిగింది ఏది తర్వాత జరిగింది అని తేల్చాలన్నా సవరించిన లెక్కే వాడాలి. నా మట్టుకు నేను రెండో పద్ధతినే ఎంచుకుంటాను. దూరపు ఫోన్ల శబ్దం ఎలాగూ గాలి హోరుతో నిండి ఉంటుంది.

ప్రమాణ ఫోన్‌ను వినని వీడియో

దారి ఫోన్ మొదలయ్యేసరికి స్టాండు ఫోన్ ఆగిపోయింది. రెండూ కలిసి విన్న శబ్దం ఒక్కటీ లేదు. డాబా ఫోన్ మాత్రం ఇంకా నడుస్తోంది కాబట్టి దారి ఫోన్‌ను ముందు డాబాకు కట్టి, డాబా ద్వారా స్టాండు కాలరేఖకు చేర్చాలి. ఆ సమయంలో బాంబులు లేవు. ఊరేగింపు బయలుదేరుతోందని మైకులో చెప్పిన మాట ఉంది. మైకును చేతిలోకి తీసుకున్నప్పుడు వచ్చిన గట్టి చప్పుడును డాబా ఫోన్‌లో 1204.310 దగ్గర, దారి ఫోన్‌లో 18.750 దగ్గర గుర్తించాం. డాబాకు దగ్గరి హారన్ 35 మీటర్లు, దారి ఫోన్‌కు దగ్గరిది, అంటే వేపచెట్టు హారన్, 7 మీటర్లు. ఆలస్యాలు వరుసగా 0.100, 0.020 సెకను.

```
(1204.310 - 0.100) - (18.750 - 0.020) = 1185.480
216.625 + 1185.480 + 0.069 = 1402.174
```

రెండో వరుసలోని 0.069 అన్నది డాబా గడియారం ఆ ఇరవై నిమిషాల్లో వెనకబడిన మేర. ఇందులో మూడు అంచనాలు ఒకదాని మీద ఒకటి చేరాయి కాబట్టి చివరి అంకెను నమ్మవద్దు, 1402.2 అని రాసుకోవడం నిజాయితీ. స్టాండు ఫోన్ 6:05:20కి మొదలైంది కాబట్టి దారి ఫోన్ 6:28:42కు మొదలైందని చెప్పవచ్చు. ఈ గంటలూ నిమిషాలూ స్టాండు ఫోన్ గడియారం ఎంత సరైనదో అంతే సరైనవి. వీడియోల మధ్య దూరాలు మాత్రం ఆ గడియారం మీద ఆధారపడవు.

కాలరేఖను నిలబెట్టి పరీక్షించడం

కెడెన్‌లైవ్ అన్న ఎడిటింగు సాఫ్ట్‌వేరులో 30 ఫ్రేముల ప్రాజెక్టు తెరిచి, స్టాండు వీడియోను సున్నా దగ్గర పెట్టండి. మిగిలిన వాటి లెక్కలను 30తో గుణిస్తే ఫ్రేములు వస్తాయి. డాబాకు 6499, అంటే `00:03:36:19`. ఇందులోనే `Set Audio Reference`, `Align Audio to Reference` అన్న సదుపాయాలతో సాఫ్ట్‌వేరు శబ్దాలను తానే కలుపుతుంది. దాన్ని మీ చేతి లెక్కను సరిచూసుకోవడానికి వాడుకోండి. అది డాబా వీడియోను 6490వ ఫ్రేము దగ్గర పెడితే సరే, ఎందుకంటే దానికి దూరం తెలియదు; మీరు తొమ్మిది ఫ్రేములు కుడికి జరపాలి. 6480 దగ్గరో 6500 దగ్గరో పెడితే అది ఒక తప్పెట దెబ్బ మేర జారిందని గ్రహించి, మీ బాంబు లెక్కనే నిలబెట్టండి.

చివరి పరీక్షలో శబ్దాన్ని పూర్తిగా ఆపేయండి. స్టాండు, డాబా వీడియోలను పక్కపక్కన పెట్టి, ఆటగాళ్ళందరూ ఒక్కసారి గెంతి దిగే చోట ఒక్కో ఫ్రేమూ జరపండి. పాదాలు నేలను తాకిన ఫ్రేము రెండింటిలోనూ ఒకటే కావాలి, లేదా ఒక్క ఫ్రేము అటూ ఇటూ ఉండాలి. ఇదే పరీక్షను మొదట్లో ఒకసారి, చివర్లో ఒకసారి చేయండి. మొదట్లో సరిపోయి చివర్లో తప్పితే గడియారం సవరణ మిగిలిపోయింది. రెండు చోట్లా ఒకే మేర తప్పితే దూరం లెక్క తప్పింది. తేడా పది ఫ్రేములైతే మళ్ళీ తప్పెట దెబ్బనే అనుమానించండి.

లెక్కలన్నిటినీ ఒక పట్టికలో రాసి ప్రాజెక్టు ఫోల్డరులోనే ఉంచండి. ప్రతి ఫోన్‌కూ మొదలైన చోటు, ఏ శిఖరాలను వాడారో, ఎంత సవరణ చేశారో, దానితో పాటు ఎంత మేర తప్పు ఉండవచ్చో కూడా రాయాలి. తిరుగుడు ఫోన్‌కు ఒక ఫ్రేము, డాబాకు రెండు ఫ్రేములు, దారి ఫోన్‌కు సెకనులో పదో వంతు అని వేసుకోవచ్చు. రేపు ఎవరైనా వచ్చి, దారిలో దీపం వెలిగింది ముందా, గుడి దగ్గర గంట మోగింది ముందా అని అడిగితే, రెండింటికీ మధ్య దూరం ఆ పదో వంతుకన్నా తక్కువగా ఉన్నప్పుడు ఈ కాలరేఖతో జవాబు చెప్పకూడదు.